చిన్నప్పటి అటాచ్‌మెంట్ స్టైల్ పెద్దయ్యాక కూడా అలాగే ఉండిపోతుందా?

నిశాంత్

అందరికీ నమస్తే. మా ఇద్దరి మధ్య గొడవ వచ్చినప్పుడల్లా నేను నోరు మూసుకుని పక్క గదిలోకి వెళ్లిపోతాను. కాసేపు ఎవరూ పలకరించకపోతే బాగుండు అనిపిస్తుంది. మా ఆవిడకు అదే పెద్ద బాధ. ఈ మధ్య తను అటాచ్‌మెంట్ స్టైల్, అంటే దగ్గరివాళ్లతో మనం ముడిపడి ఉండే తీరు, ఏదో చెప్పే ఒక ఆన్‌లైన్ క్విజ్ లింక్ పంపింది. చేస్తే నాది "అవాయిడెంట్" స్టైల్ అని వచ్చింది. పసితనంలో ఏడ్చినప్పుడు తల్లి సరిగ్గా స్పందించకపోతే, ఎవరి అవసరమూ లేనట్టు ఉండటం బిడ్డ నేర్చుకుంటాడని, అదే పెళ్లయ్యాక బయటపడుతుందని కింద రాశారు.

నేను పాలు తాగే వయసులోనే మా అమ్మ మళ్లీ ఉద్యోగంలో చేరింది. అది చదివిన దగ్గర్నుంచి అమ్మతో ఫోన్లో మామూలుగా మాట్లాడలేకపోతున్నాను. ఏడాది వయసులో పడిన ముద్ర ఇన్నేళ్లూ అలాగే ఉంటుందా? దీన్ని ఎవరైనా నిజంగా పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించి తేల్చారా, లేక ఊహేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

రవితేజ_కె

ఊహ కాదు బ్రదర్, పక్కా రీసెర్చ్ ఉంది. జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ సైకియాట్రిస్ట్ ఈ సిద్ధాంతం పెట్టాడు. మొదట్లో మనల్ని పెంచినవాళ్లతో ఎలా గడిచిందో దాన్ని బట్టి "నేను పిలిస్తే ఎవరైనా వస్తారా" అన్న నమ్మకం మనలో ఏర్పడుతుంది. తర్వాత ప్రతి సంబంధాన్నీ ఆ నమ్మకంతోనే చూస్తాం. ఏడాది వయసులో పరీక్షించిన పిల్లల్ని 20 ఏళ్ల తర్వాత మళ్లీ చూస్తే 72 శాతం మందిది మారలేదు. 2000లో వచ్చిన స్టడీ అది. 72 అంటే చిన్న నంబర్ కాదు కదా. మొదటి రెండు మూడేళ్లలోనే పునాది పడిపోతుంది, తర్వాత మార్చుకోవడం చాలా కష్టం. మీరు మీ అమ్మగారిని నిందించమని నేను అనను. కానీ కారణం అక్కడే ఉంది.

వెంకట్రావు

బాబూ నిశాంత్, పిల్లల్ని ఎప్పుడూ ఒళ్లోనే పెట్టుకోవాలి, పక్కలోనే పడుకోబెట్టుకోవాలి, లేకపోతే పాడైపోతారు అని ఇప్పుడు కొత్తగా చెబుతున్నారు. నీ ప్రశ్న దాని గురించే అనుకుంటున్నాను. మా అమ్మకు ఆరోగ్యం బాగుండేది కాదు. నన్ను పెంచింది మా నాయనమ్మ, ఇద్దరు మేనత్తలు. ఎవరి చేతికి దొరికితే వాళ్లే ఎత్తుకునేవాళ్లు. నా సంసారం బాగానే నడిచింది. తల్లి ఒక్కతే చూసుకోవాలి అనేది నేను ఒప్పుకోను.

శారద_ఎం

నిశాంత్ గారూ, పసిపిల్లల అటాచ్‌మెంట్ వీడియోలు చూసి కోడింగ్ చేసే పని, అంటే బిడ్డ ప్రవర్తన ఏ వర్గానికి చెందుతుందో రాసే పని, చాలాకాలంగా చేస్తున్నాను. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మీరు చేసిన క్విజ్, పసిపిల్లలకు చేసే పరీక్ష, రెండూ ఒకే పేర్లు వాడతాయి గానీ కొలిచేది ఒకటే కాదు. పిల్లల పరీక్షను మేరీ ఐన్స్‌వర్త్ తయారుచేసింది. పేరు స్ట్రేంజ్ సిచ్యుయేషన్. తల్లీబిడ్డలు ఎప్పుడూ చూడని ఒక గదిలోకి వస్తారు. నేల మీద బొమ్మలుంటాయి. మొత్తం ఎనిమిది ఘట్టాలు. మొదటిది చాలా చిన్నది, మిగతావి దాదాపు మూడేసి నిమిషాలు. కాసేపటికి బిడ్డకు తెలియని ఒకామె వచ్చి కూర్చుంటుంది. తర్వాత తల్లి బయటికి వెళ్తుంది, మళ్లీ వస్తుంది. రెండోసారి వెళ్లినప్పుడు బిడ్డ గదిలో ఒంటరిగా ఉంటుంది. ముందు ఆ కొత్తామె వస్తుంది, ఆ తర్వాతే తల్లి వస్తుంది. బిడ్డ మరీ ఏడిస్తే ఆ ఘట్టాన్ని మధ్యలోనే ఆపేస్తారు.

తల్లి వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందో చూసి మార్కులు వేస్తారని చాలామంది అనుకుంటారు. అది కాదు. మేం రెండు మూడుసార్లు వెనక్కి తిప్పి చూసేది తల్లి తిరిగొచ్చిన క్షణాలను. కొందరు పిల్లలు గట్టిగా ఏడుస్తారు, తల్లి కనబడగానే పాకుతూ వచ్చి చేతులు చాస్తారు, భుజం మీద తల పెట్టి నిమిషంలో సర్దుకుని మళ్లీ బొమ్మల దగ్గరికి పోతారు. ఇది సెక్యూర్. కొందరు ఎత్తుకోమని ఏడుస్తారు, ఎత్తుకుంటే కాళ్లు తన్నుకుంటారు, బొమ్మ చేతికిస్తే విసిరేస్తారు, దించితే మళ్లీ ఏడుపు. అవాయిడెంట్ అని రాసే బిడ్డ అసలు ఏడవకపోవచ్చు. తల్లి గుమ్మంలోకి రాగానే ఒకసారి చూసి, మొహం తిప్పుకుని, చేతిలో ఉన్న బొమ్మను అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. ఎత్తుకుంటే ఒంటిని తల్లికి ఆనించదు. పైకి ప్రశాంతంగా కనిపించే ఈ పిల్లల గుండె వేగాన్ని 1977లో స్రౌఫ్, వాటర్స్ కొలిచి చూపించారు. లోపల టెన్షన్ ఉంది. గుండె వేగంగా కొట్టుకుంటూనే ఉంది.

ఇక మీ క్విజ్. దాని పుట్టుక వేరు. 1987లో హజాన్, షేవర్ అనే ఇద్దరు ఒక అమెరికన్ దినపత్రికలో ప్రేమ గురించి ప్రశ్నలు అచ్చువేయించి, పాఠకులు పంపిన 620 జవాబులను విశ్లేషించారు. ఇప్పటి క్విజ్‌లన్నీ ఆ దారిలో వచ్చినవే. అందులో మీ భాగస్వామితో మీరు ఎలా ఉంటారో మీరే చెబుతారు. మీ పసితనాన్ని అది చూడలేదు, చూసే వీలు కూడా లేదు. ఏడాది బిడ్డ మొహం తిప్పుకోవడం, మీరు పక్క గదికి వెళ్లడం పైకి ఒకేలా కనిపిస్తాయి. ఒకదానికి ఇంకొకటి కారణం అని చెప్పాలంటే ఆ రెండిటినీ ఒకే మనిషిలో, ఇన్నేళ్ల తేడాతో చూసి ఉండాలి.

రవితేజ_కె

శారద గారూ, నేను చెప్పిన 2000 స్టడీ అదే కదా? ఒకే మనుషుల్ని 20 ఏళ్ల తేడాతో చూశారు.

శారద_ఎం

అవును, వాటర్స్ బృందం చేసింది. మంచి స్టడీ. అంకె కూడా మీరు సరిగ్గానే చెప్పారు. కానీ దాన్ని ఎలా చదవాలో చూద్దాం.

ఏడాది వయసులో 60 మంది పిల్లలకు పరీక్ష చేశారు. పెద్దయ్యాక 50 మంది దొరికారు. అందులో 36 మంది పాత చోటనే ఉన్నారు, సెక్యూర్ అయితే సెక్యూర్, కాకపోతే కాకుండా. అదే 72 శాతం. ఇప్పుడు ఒక లెక్క వేయండి. మామూలుగా ఏ గుంపులో చూసినా సెక్యూర్ పిల్లలు దాదాపు 60 శాతం ఉంటారనుకుందాం. చిన్నప్పటి ఫలితానికీ పెద్దయ్యాక ఫలితానికీ ఏ సంబంధమూ లేదనుకున్నా, రెండుసార్లూ సెక్యూర్ అయ్యేవాళ్లు నూటికి 36 మంది, రెండుసార్లూ కానివాళ్లు 16 మంది. అంటే కేవలం యాదృచ్ఛికంగానే 52 మందికి కలిసిపోతుంది. కాబట్టి 72ను సున్నాతో కాదు, 52తో పోల్చాలి. సంబంధం ఉంది, కానీ చదవగానే అనిపించినంత కాదు.

ఆ పేపర్లోనే ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ షేర్ చేయరు. తల్లి లేదా తండ్రి పోవడం, విడాకులు, ప్రాణం మీదికి వచ్చే జబ్బు లాంటివి జరిగాయని తల్లులు చెప్పిన ఇళ్లలో 44 శాతం పిల్లలు వేరే వర్గంలోకి మారారు. అలాంటివేమీ లేని ఇళ్లలో మారింది 22 శాతం. అంటే ముద్ర ఎంతకాలం నిలుస్తుంది అనేది ఇల్లు ఎంత నిలకడగా ఉంది అన్నదాని మీద కూడా ఆధారపడుతోంది. పదేళ్లప్పుడు కూడా అదే తల్లి, అదే ఓపిక ఉంటే, కనిపించే నిలకడ పునాదిదా, రోజూ కొనసాగుతున్న పెంపకానిదా? ఈ డేటాతో వేరు చేయలేం.

పైగా పెద్దయ్యాక వాళ్లకు చేసింది క్విజ్ కాదు. గంటకు పైగా సాగే ఒక ఇంటర్వ్యూ.

హారిక

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. శారద గారు రాసింది చదివి నాకు చేతులు చల్లబడ్డాయి. మా పాపకు పదమూడు నెలలు. క్రెష్‌లో వదిలి వెళ్తే ఏడవదు. సాయంత్రం నేను వెళ్తే ఒకసారి చూసి మళ్లీ తన ఆటలో పడిపోతుంది. మిగతా పిల్లలు పరుగెత్తుకొస్తారు. మీరు రాసిన అవాయిడెంట్ బిడ్డ అచ్చం మా పాపే. నేను ఉద్యోగం మానేయాలా? దయచేసి చెప్పండి.

శారద_ఎం

హారికా, ఆగమ్మా. పరీక్షను గుమ్మం దగ్గర నిలబడి చేయలేం. ఆ గది ఎందుకు కొత్తదై ఉండాలి, తల్లి ఎందుకు రెండోసారి కూడా వెళ్లాలి? బిడ్డలో ఆ భయం కాస్త రాజుకుంటేనే, తల్లి వచ్చినప్పుడు ఆ భయంతో ఏం చేస్తుందో కనిపిస్తుంది. మీ పాపకు క్రెష్ రోజూ చూసే చోటు. అక్కడ భయమే లేకపోతే మీ మీదకు పరుగెత్తాల్సిన పనీ లేదు. సెక్యూర్ పిల్లలు కూడా అలాంటప్పుడు ఒక నవ్వు నవ్వి ఆటలో పడిపోతారు.

మీరు చూడాల్సింది వేరే సందర్భం. జ్వరం వచ్చినప్పుడు, కిందపడి దెబ్బ తగిలినప్పుడు, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచినప్పుడు మీ దగ్గరికి వస్తుందా? మీరు ఎత్తుకుంటే కుదురుకుంటుందా? అలాంటప్పుడు కూడా చాలాకాలం పాటు మిమ్మల్ని తప్పించుకుంటుంటే పిల్లల డాక్టరుతో మాట్లాడండి, అదీ కంగారు లేకుండా.

ఉద్యోగం సంగతి. అమెరికాలో వెయ్యి మందికి పైగా పిల్లలతో ఇదే ప్రశ్న మీద పెద్ద స్టడీ జరిగింది. 1997లో ఫలితాలు వచ్చాయి. బిడ్డను ఏ వయసులో, ఎన్ని గంటలు బయట వదిలారు అన్నది ఒక్కటే తీసుకుంటే అటాచ్‌మెంట్‌లో తేడా రాలేదు. ఇంట్లో తల్లి స్పందన బాగా తక్కువగా ఉండి, దానికి తోడు బయట చూసుకునే చోటు కూడా నాసిగా ఉంటేనో, గంటలు ఎక్కువైతేనో ఇబ్బంది కనిపించింది. నిశాంత్ గారూ, ఇది మీకు కూడా. అమ్మ ఉద్యోగంలో చేరిందన్న ఒక్క వాస్తవం నుంచి ఏమీ తేలదు.

హారిక

రాత్రి లేస్తే నా చెయ్యి పట్టుకోనిదే పడుకోదు. థాంక్యూ మేడమ్. మావారికి కూడా చదివి వినిపించాను.

సందేహి

నాదొక అభ్యంతరం. పసిపిల్లల ఏడుపు, భయం, కుదురు ఇవన్నీ పుట్టుకతో వచ్చే స్వభావం. జెరోమ్ కాగన్ అనే సైకాలజిస్ట్ ఎప్పటినుంచో చెప్పింది ఇదే. బెదిరే స్వభావం ఉన్న బిడ్డ ఏడుస్తుంది, లేని బిడ్డ ఏడవదు. ఆ గదిలో మీరు స్వభావాన్ని కొలిచి తల్లి పేరు రాస్తున్నారు. తల్లి స్పందనకూ బిడ్డ సెక్యూరిటీకీ మధ్య సంబంధం ఎంత? 1997లో 21 స్టడీలు కలిపి చూస్తే, పూర్తి సంబంధం ఉంటే 1 వచ్చే కొలతలో 0.24. దాన్ని దానితోనే గుణిస్తే, పిల్లల మధ్య తేడాల్లో అది వివరించేది ఆరు శాతం కూడా కాదు. మిగతా తొంభై నాలుగు ఎక్కడిది? ఇంత కొంచెం ఆధారం మీద మొత్తం తప్పును తల్లుల నెత్తిన రుద్దారు.

శారద_ఎం

సందేహి గారూ, రెండో సగం మీతో ఒప్పుకుంటాను. 0.24 అనేది నిజమే. ఐన్స్‌వర్త్ మొదట బాల్టిమోర్‌లో చూసిన బలమైన సంబంధం తర్వాత ఎవరికీ ఆ స్థాయిలో రాలేదు. ఆమె ఒక్కో ఇంట్లో ఏడాది పొడవునా గంటల తరబడి కూర్చుని గమనించింది. తర్వాత వచ్చిన చాలా స్టడీల్లో తల్లిని చూసింది కాసేపే. కాబట్టి అసలు సంబంధం 0.24 కంటే ఎక్కువే ఉండొచ్చని నా నమ్మకం. అయినా ఎంత సాగదీసినా, మొత్తం కథ తల్లి స్పందనే అని చెప్పడానికి సరిపోదు.

మొదటి సగం మాత్రం అంత సులువు కాదు. స్వభావం వల్ల తేడా వచ్చేది బిడ్డ ఏడుస్తుందా లేదా అన్న దగ్గర. 1987లో బెల్స్కీ, రొవైన్ చూపించింది అదే. కానీ బాగా ఏడ్చే సెక్యూర్ పిల్లలున్నారు, ఏడవని సెక్యూర్ పిల్లలున్నారు. బాగా ఏడ్చి ఇన్‌సెక్యూర్ అయినవాళ్లూ ఉన్నారు. ఇంకోటి, ఒకే బిడ్డ తల్లితో ఒకలా, తండ్రితో ఇంకోలా ఉండటం మామూలే. అంతా బిడ్డ స్వభావమే అయితే ఇద్దరితోనూ ఒకే ఫలితం రావాలి.

సందేహి

మరి కవలల మీద స్టడీలు?

శారద_ఎం

అక్కడే నాకూ జవాబు లేని చిక్కు ఉంది. ఏడాది వయసు కవలల్లో చూస్తే జన్యువుల పాత్ర దాదాపు కనబడదు, ఇంటి వాతావరణమే కనిపిస్తుంది. అదే 15 ఏళ్ల కవలల్ని ఫియరన్ బృందం వేరే ఇంటర్వ్యూతో చూస్తే తేడాల్లో దాదాపు 40 శాతం జన్యువులకు పోయింది. వయసు పెరిగే కొద్దీ పిల్లలు తమ స్వభావానికి తగ్గ వాతావరణాన్ని తామే చుట్టూ పేర్చుకుంటారని ఒక వివరణ. రెండు వయసుల్లో కొలిచింది ఒకే వస్తువు కాదని ఇంకో వివరణ.

కౌన్సెలర్_సుధ

నేను దంపతులతో పనిచేస్తాను. ఇక్కడ రీసెర్చ్ చర్చ బాగుంది కానీ నా గదిలో కనబడేది కూడా చెప్పాలి. క్విజ్ పనికిరాదని తీసిపారేయకండి. నిశాంత్ గారి లాంటివాళ్లు మొదటిసారి "నేను గొడవప్పుడు మూసుకుపోతాను" అని నోరు తెరిచి చెప్పేది అలాంటి క్విజ్ చేశాకే. ఒకరు వెంటపడి అడిగే కొద్దీ ఇంకొకరు దూరం జరగడం, దూరం జరిగే కొద్దీ మొదటివాళ్లు ఇంకా గట్టిగా అడగడం, ఈ చక్రం నేను దాదాపు ప్రతి వారం చూస్తాను. దానికి ఒక పేరు దొరికితే ఇద్దరికీ ఊపిరాడుతుంది.

నాకు కోపం వచ్చేది ఎప్పుడంటే, ఆ పేరును ఎదుటివాళ్ల మీదకు విసిరినప్పుడు. "నువ్వు అవాయిడెంట్, నీతో ఏం మాట్లాడినా లాభం లేదు" అని ఒకరు, "నేను ఇంతే, మా అమ్మ వల్ల" అని ఇంకొకరు. రెండు మాటలూ తలుపు మూసేవే. ఇప్పుడు వాడుకలో ఉన్న మంచి ప్రశ్నావళులు మనుషుల్ని నాలుగు డబ్బాల్లో వేయవు. దగ్గరితనం ఎంత ఇబ్బంది, వదిలేస్తారన్న భయం ఎంత, ఈ రెండు కొలతలు ఇస్తాయి. చాలామంది మధ్యలో ఎక్కడో ఉంటారు. ఉచిత క్విజ్ మాత్రం ఆ మధ్యలో ఉన్నవాళ్లని కూడా తీసుకెళ్లి ఒక డబ్బాలో పడేస్తుంది. వచ్చే నెల మళ్లీ చేస్తే పక్క డబ్బా రావచ్చు.

నిశాంత్

సుధ గారూ, మీరు చెప్పిన చక్రం మా ఇంట్లోదే. శారద గారూ, ఆ ఇంటర్వ్యూ గురించి చెప్పరా? అది చేయించుకుంటే నాది చిన్నప్పటి సమస్యో కాదో తెలుస్తుందా? మా అమ్మ దగ్గరకు తీసుకున్నట్టు నాకు పెద్దగా జ్ఞాపకం లేదు. అది ఆధారం కాదా?

శారద_ఎం

ఆ ఇంటర్వ్యూలో మీ అమ్మతో చిన్నప్పటి అనుబంధాన్ని చెప్పే ఐదు విశేషణాలు ఇవ్వమంటారు. మీరు "ప్రేమగా ఉండేది" అన్నారనుకోండి, ఆ మాటకు తగ్గ ఒక సంఘటన చెప్పమంటారు. ఒకరు "ప్రేమ... అంటే, అమ్మ కదా, అందరి అమ్మల్లాగే" అని అక్కడే ఆగిపోతారు. ఇంకొకరు పాతికేళ్ల కిందటి కోపంలోకి ఈ రోజే జరిగినట్టు జారిపోయి, అడిగిన ప్రశ్న మర్చిపోతారు. మరొకరు "అమ్మ కొట్టేది, నాకు భయంగా ఉండేది, తర్వాత ఆవిడ పరిస్థితి అర్థమైంది" అని పొందికగా చెబుతారు. మార్కు పడేది బాల్యం బాగుందా లేదా అన్నదానికి కాదు, మీరు చెప్పిన తీరుకు. కష్టమైన బాల్యం ఉన్న మనిషి కూడా సెక్యూర్ అవుతారు.

దీనికీ ప్రశ్నావళులకూ పొంతన ఎంతో రోయిస్‌మన్ బృందం 2007లో స్టడీలు కలిపి లెక్క తీసింది. 0.09 వచ్చింది. అంటే దాదాపు లేనట్టే. క్విజ్‌లో అవాయిడెంట్ వచ్చిన మనిషి ఇంటర్వ్యూలో ఏ వర్గంలోకి వస్తాడో ముందుగా చెప్పలేం. కాబట్టి "బాల్యంలోని అటాచ్‌మెంట్ పెద్దయ్యాక కనిపిస్తుంది" అని ఎవరైనా రాస్తే, పెద్దయ్యాక దేనితో కొలిచారు అని నేను ముందు అడుగుతాను.

జ్ఞాపకం గురించి. కష్టమైన బాల్యాన్ని గుర్తుచేసుకుంటూనే పొందికగా మాట్లాడేవాళ్లు ఆ కష్టాన్ని దాటి వచ్చారని అందరూ నమ్మేవాళ్లు. అమెరికాలోని మిన్నెసోటాలో జరిగిన ఒక స్టడీలో, అలాంటివాళ్లలో కొందరి పసితనపు రికార్డులు అప్పటికే ఉన్నాయి. 2002లో అవి తీసి చూస్తే, వాళ్లను తల్లులు పెంచిన తీరు అధ్వానంగా ఏమీ లేదు, చాలావరకు బాగానే ఉంది. ఇప్పటి మన మనసు స్థితి పాత రోజులకు రంగు వేస్తుంది. మీకు గుర్తులేదు అన్నది మీ గురించి ఏదో చెబుతుంది. మీ అమ్మ ఏం చేసిందో చెప్పదు.

రవితేజ_కె

అయితే మొత్తం కొట్టిపారేస్తున్నారా? పసితనం నుంచి పెళ్లి దాకా సంబంధం చూపించిన స్టడీ మిన్నెసోటాలోనే ఉందని చదివాను.

శారద_ఎం

కొట్టిపారేయడం లేదు రవితేజ గారూ. నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన స్టడీ అది.

మిన్నెసోటాలో 1970ల మధ్యలో పేదరికంలో ఉన్న తల్లుల పిల్లల్ని కడుపులో ఉన్నప్పటినుంచి గమనించడం మొదలుపెట్టారు. 2000లో వాళ్లు మొదట ప్రకటించిన ఫలితం నిరాశపరిచేది. ఏడాదిన్నర లోపు పరీక్షకూ 19 ఏళ్ల ఇంటర్వ్యూకీ మధ్య చెప్పుకోదగ్గ సంబంధం రాలేదు. వాటర్స్ స్టడీ వచ్చింది అదే ఏడాది, అదే జర్నల్లో. మధ్యతరగతి ఇళ్లలో నిలకడ కనిపించింది, కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో కనిపించలేదు.

2007లో సింప్సన్ బృందం అదే పిల్లల్లో 78 మందిని తీసుకుని ఇంకోలా అడిగింది. ఒక చివర నుంచి ఇంకో చివరకు దూకకుండా, మధ్యలో ఏం జరిగిందో చూద్దాం అని. ఏడాది వయసులో సెక్యూర్ అయిన బిడ్డ మొదటి మూడు తరగతుల్లో తోటిపిల్లలతో బాగా కలుస్తోందని టీచర్లు చెప్పే అవకాశం ఎక్కువ. అలా కలిసిన పిల్లలకు 16 ఏళ్లప్పుడు మనసు విప్పి చెప్పుకునే స్నేహితులు ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి స్నేహం ఉన్నవాళ్లు ఇరవైల్లో తమ భాగస్వామితో గొడవపడుతున్నప్పుడు వీడియో తీస్తే, చేదు కాస్త తక్కువ కనబడింది.

ఒక్కో లింకు మామూలు బలమే. మూడు లింకుల తర్వాత మొదటిదాని ప్రభావం చివర్లో కొంచెమే మిగులుతుంది. కానీ ఎక్కడైనా దారి మళ్లొచ్చని కూడా దాని అర్థం. మూడో తరగతిలో ఒంటరిగా ఉన్న పిల్లకు పదహారేళ్లప్పుడు ఒక మంచి స్నేహితురాలు దొరికితే లెక్క మారిపోతుంది. అన్ని స్టడీలనూ కలిపి 2013లో పింక్వార్ట్ బృందం చూసినప్పుడు, 15 ఏళ్లు దాటిన వ్యవధుల్లో నిలకడ నమ్మదగ్గ స్థాయిలో కనిపించలేదు.

వెంకట్రావు

అమ్మా శారదా, ఇంత ఓపికగా చెబుతున్నావు, సంతోషం. కానీ నా మాటకు ఎవరూ జవాబివ్వలేదు. పరీక్షలో తల్లి ఒక్కతే ఎందుకు? నలుగురి చేతుల్లో పెరిగిన బిడ్డను ఆ గదిలో పెడితే ఏమని రాస్తారు?

శారద_ఎం

బాబాయ్ గారూ, క్షమించండి, మీది చాలా సూటి ప్రశ్న. పరీక్షను తండ్రితోనో నాయనమ్మతోనో కూడా చేయొచ్చు, చేశారు కూడా. కానీ నలుగురితో ఉన్న బంధాలను కలిపి ఎలా చదవాలి అన్నది ఇంకా సరిగ్గా తేలలేదు. మీ ఇంట్లో మీకు నాలుగు బంధాలున్నాయి. అందులో ఒకటి బలహీనమైతే మిగతా మూడు ఎంతవరకు ఆదుకుంటాయో మా పాత స్టడీలు అడగనే లేదు.

మీరన్న లోపం ఇంకో చోట కూడా బయటపడింది. జపాన్‌లో సప్పోరోలో ఈ పరీక్ష చేస్తే అవాయిడెంట్ బిడ్డ ఒక్కటి కూడా రాలేదు. తల్లిని అంటిపెట్టుకుని ఓదార్పుకు లొంగని పిల్లలు మాత్రం మూడో వంతు దాకా వచ్చారు. తకహాషి చెప్పిన వివరణ ఏమిటంటే, ఆ పిల్లలను ఇంట్లో ఒంటరిగా వదలడం అనేదే లేదు. అందుకే బిడ్డ ఒక్కతే ఉండే ఘట్టం మిగతావాళ్లకు చిన్న ఒత్తిడి అయితే వీళ్లకు భరించలేనిదైంది. అటు జర్మనీలో బీలెఫెల్డ్‌లో చేస్తే దాదాపు సగం మంది అవాయిడెంట్ వచ్చారు. అక్కడ పిల్లలు త్వరగా తమ కాళ్ల మీద నిలబడాలని తల్లులు కోరుకుంటారని గ్రాస్‌మన్ దంపతులు రాశారు. కామెరూన్‌లోని ఎన్సో ప్రజల పెంపకం చూసిన హైడీ కెల్లర్ ఇంకా ముందుకెళ్లి, తల్లీబిడ్డల జంటనే కొలమానంగా పెట్టుకోవడమే తప్పు అంటుంది. ఆమె అన్నంత దూరం నేను వెళ్లను. బిడ్డకు భయమేస్తే ఎవరో ఒక తెలిసిన మనిషి కావాలి అన్నది అంతటా కనిపిస్తోంది. ఆ మనిషి ఒక్కరే అయి ఉండాలన్నది మాత్రం సిద్ధాంతం పుట్టిన చోటు అలవాటు.

సందేహి

ఇంత అనిశ్చితి ఉన్నదాన్ని కోర్టుల్లో, పిల్లల సంరక్షణ కేసుల్లో ఎందుకు వాడుతున్నారు? నా అక్క కేసులో ఒక నిపుణుడు పాపను అరగంట చూసి అటాచ్‌మెంట్ బాలేదని రిపోర్టు రాశాడు. అప్పటినుంచే నాకు ఈ మాట వింటే మండుతుంది.

శారద_ఎం

మీ అక్కగారి విషయం చదివి బాధేసింది. అరగంట చూసి అలా రాయకూడదు. ఈ రంగంలో పనిచేసేవాళ్లే 2017లో గ్రాంక్విస్ట్ ముందుండి ఒక ఉమ్మడి పత్రం రాశారు. తర్వాతి రోజుల్లో మెయిన్, సాలమన్ అనే పరిశోధకులు చేర్చిన నాలుగో వర్గం ఉంది, డిస్‌ఆర్గనైజ్డ్ అంటారు. తల్లి దగ్గరికి వస్తూ మధ్యలో బిగుసుకుపోవడం, వెనక్కి నడుస్తూ రావడం లాంటివి అందులో చూస్తాం. అది కనబడితే ఇంట్లో హింస ఉన్నట్టే అని చదవొద్దని, ఒక్కొక్క బిడ్డ విషయంలో తీర్పుకు దాన్ని వాడొద్దని ఆ పత్రం చెబుతుంది. గుంపుల మధ్య తేడా చూపడానికి సరిపోయే పనిముట్టు ఒక బిడ్డ భవిష్యత్తు చెప్పడానికి సరిపోదు. ఇంకో నిపుణుడి అభిప్రాయం అడిగే వీలుంటే అడగండి. శిక్షణ పొందిన కోడర్ చూశారా, రికార్డింగ్ ఉందా, ఏ పద్ధతి వాడారు అని రాతపూర్వకంగా అడగమని మీ లాయరుకు చెప్పండి.

కౌన్సెలర్_సుధ

నిశాంత్ గారూ, మీకు ఒక చిన్న పని. ఈసారి గొడవలో వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లండి, కానీ వెళ్లే ముందు "అరగంటలో వస్తాను" అని చెప్పి, నిజంగా అరగంటకు రండి. మీ ఆవిడ భయం మీరు వెళ్లడం గురించి కాకపోవచ్చు, ఎప్పుడొస్తారో తెలియకపోవడం గురించి కావచ్చు. శారద గారితో నాకు ఒక్క విషయంలో ఇంకా తేడా ఉంది. 0.09 అని చూసి ప్రశ్నావళిని తక్కువ చేయకూడదు. ఇద్దరి మధ్య ఈ రోజు జరుగుతున్నదాన్ని అది బాగానే పట్టుకుంటుంది.

శారద_ఎం

ఈ రోజుది పట్టుకుంటుంది, ఒప్పుకుంటాను సుధ గారూ. పాతది పట్టుకుంటుందని అనకపోతే నాకు పేచీ లేదు.

నిశాంత్

అందరికీ థాంక్స్. అరగంట మాట మా ఆవిడకు ముందే చెప్పాను, సరే అంది. శారద గారూ, ఒక్కటి అడగాలి. మాకు పిల్లలు పుడితే, నేను ఇలా మూసుకుపోయేవాడినైతే, అది బిడ్డకు పాకుతుందా?

శారద_ఎం

గొడవల్లో మీరు ఎలా ఉంటారన్నదాని కంటే, ఆ ఇంటర్వ్యూలో తల్లిదండ్రులు మాట్లాడే తీరుకూ వాళ్ల బిడ్డ సెక్యూరిటీకీ ఎక్కువ సంబంధం కనిపించింది. కానీ అది ఏ దారిలో పాకుతోంది అన్నది వాన్ ఐజెన్‌డోర్న్ 1995లో లేవనెత్తిన ప్రశ్న. స్పందనతో కొంత భాగమే వివరించగలిగారు. మిగతాది ఇప్పటికీ వెతుకుతున్నారు. దాని మీద వేరే థ్రెడ్ పెట్టండి, తండ్రుల మీద జరిగిన స్టడీలు చూసినవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు.